సైకిల్ ఫ్రేమ్‌ను ఫోటో మీద గీసి 3డి మోడల్ చేయడానికి ఏ పద్ధతి మేలు: కర్వ్, స్కిన్, సిలిండర్, క్యాడ్

సైకిల్ మోడల్ చేయాలని కూర్చున్న వాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పక్క నుంచి తీసిన ఫోటో తెర మీద ఉంది. దాని మీద గొట్టాలు గీయాలి. వాటిని కర్వ్‌తో గీయాలా, స్కిన్ మాడిఫయర్ పెట్టాలా, సిలిండర్లు పేర్చాలా, లేక బ్లెండర్ వదిలేసి ఫ్రీక్యాడ్‌కు పోవాలా? ఒక్కో వీడియోలో ఒక్కోటి చూపిస్తారు. ఏదైనా మొదట పని జరుగుతున్నట్టే ఉంటుంది. వెనక చక్రం పక్కన ఉండే సన్న గొట్టాలైన స్టేల దగ్గరికి వచ్చేసరికి తేడా తెలుస్తుంది.

పోలిక గాల్లో ఉండకూడదు కాబట్టి ఒక ఫ్రేమ్ తీసుకుందాం. లగ్‌లతో, అంటే గొట్టాల చివరలకు వేసే తొడుగులతో, అతికిన పాతకాలపు స్టీల్ రోడ్ ఫ్రేమ్, 56 సైజు, 700×28 టైర్లు. సీట్ ట్యూబ్, టాప్ ట్యూబ్ రెండూ మధ్య నుంచి మధ్యకు 560 మి.మీ. సీట్ కోణం, హెడ్ కోణం రెండూ 73 డిగ్రీలు. చైన్ స్టే 415, పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ చక్రాల ఇరుసుల రేఖకు 70 మి.మీ. కింద. ఇలాంటి ఫ్రేముల్లో టాప్ ట్యూబ్ 25.4, డౌన్ ట్యూబ్, సీట్ ట్యూబ్ 28.6 మి.మీ. వ్యాసంలో ఉంటాయి.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది, గొట్టం వ్యాసం తర్వాత మార్చగలమా అన్నది. మోడలింగ్ మధ్యలో వెర్నియర్‌తో కొలిస్తే 28.6 అనుకున్నది 31.8 అని తేలవచ్చు. అప్పుడు ఒక సంఖ్య మారిస్తే సరిపోవాలి.

రెండోది, స్టేలు. ముందు త్రికోణంలోని గొట్టాలన్నీ సైకిల్ నడిమి తలంలోనే ఉంటాయి, కాబట్టి ఒక్క పక్క ఫోటోతో అయిపోతాయి. చైన్ స్టేలు, సీట్ స్టేలు, ఫోర్క్ కాళ్లు మాత్రం తలం దాటి రెండు వైపులకూ విచ్చుకుంటాయి, పోనుపోను సన్నబడతాయి, కొన్ని వంగుతాయి కూడా. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

మూడోది, అతుకులు. లగ్ ఫ్రేమ్‌లో గొట్టం చివర లగ్ లోపల దాగి ఉంటుంది. వెల్డ్ చేసిన అల్యూమినియం ఫ్రేమ్‌లో అతుకు బయటికే కనిపిస్తుంది. ఈ రెంటికీ పడే శ్రమ ఒకటి కాదు.

చివరిది, మోడల్ దేనికన్నది. రెండరింగ్‌కా, గేమ్‌కా, ప్రింట్ తీయడానికా, నిజంగా ఫ్రేమ్ కట్టడానికా?

## గీసే ముందు: ఏ బొమ్మ, ఏ స్కేలు

పద్ధతి ఏదైనా కింద ఉన్న బొమ్మ తప్పైతే లాభం లేదు. పక్క, పై, ముందు వైపుల బొమ్మలున్న బ్లూప్రింట్ ఒకటి దొరికితే చాలని చాలామంది వెతుకుతారు. సైకిల్‌కు అంత అవసరం లేదు. పై నుంచి ఫోటో తీస్తే సీటు, చక్రం అడ్డొచ్చి స్టేలు సరిగా కనిపించవు. పక్క ఫోటో ఒకటి బాగా తీసుకుని, మిగతా రెండు వైపులకు టేపుతోనూ వెర్నియర్‌తోనూ కొలిచిన వెడల్పులు వాడితే పని త్వరగా అవుతుంది, కొలతలూ నమ్మకంగా ఉంటాయి.

ఆ ఒక్క ఫోటో మాత్రం దూరం నుంచి తీయాలి. బ్లెండర్‌లో ఆర్థోగ్రాఫిక్ వ్యూలో దూరం, దగ్గర తేడా ఉండదు. కెమెరాలో ఉంటుంది, దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. దీనివల్ల ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు టేపు పట్టి 995 మి.మీ. అని కొలుస్తారు. ఫోటోలో కనిపించే రెండు ఇరుసు చివరల మధ్య దూరాన్ని 995కు సరిపెట్టేస్తారు. కానీ వెనక ఇరుసు చివర నడిమి తలం కంటే కెమెరాకు కనీసం 65 మి.మీ. దగ్గరగా ఉంటుంది, ముందుది 50 మి.మీ. ఫోటో 2 మీటర్ల నుంచి తీసి ఉంటే వెనక ఇరుసు బయటికి సుమారు 17, ముందుది 13 మి.మీ. జరిగినట్టు కనిపిస్తాయి. అంటే 995 అనుకున్న దూరం ఫోటోలో 1025కు దగ్గరగా ఉంది. దాన్ని 995కు కుదిస్తే నడిమి తలంలో ఉన్న గొట్టాలన్నీ దాదాపు 3 శాతం చిన్నవైపోతాయి. 560 ఉండాల్సిన టాప్ ట్యూబ్ 544 దగ్గర తేలుతుంది. అదే ఫోటో 6 మీటర్ల నుంచి జూమ్ చేసి తీస్తే ఆ 30 మి.మీ. తేడా 10 లోపుకు దిగుతుంది.

అందుకని స్కేలు ఎప్పుడూ నడిమి తలంలో ఉన్న వస్తువుతోనే పెట్టాలి. అందుకు టైరు బయటి అంచు బాగా పనికొస్తుంది. 700×28 అంటే రిమ్ మీద 622, రెండు వైపులా 28 చొప్పున కలిపితే 678 మి.మీ. గాలి నిండా కొట్టి టేపుతో ఒకసారి కొలిచి ఆ సంఖ్యే వాడండి. ఇరుసు ఎక్కడుందో కూడా నట్టును చూసి కాకుండా, టైరు అంచుకు సరిపడే వృత్తం గీసి దాని కేంద్రాన్ని తీసుకుంటే అది నడిమి తలంలోని ఇరుసు స్థానం అవుతుంది.

బ్లెండర్‌లో ఈ పని ఇలా సాగుతుంది. `Numpad 1` నొక్కి ముందు వ్యూకు వెళ్లి, `Shift+A` లో `Image > Reference` తో ఫోటో తెచ్చుకోండి. సైకిల్ ముఖం కుడికి, అంటే +X వైపు ఉండాలి, కాబట్టి బ్లెండర్ ముందు వ్యూయే మనకు సైకిల్ పక్క వ్యూ. ఫోటోను జరిపి బాటమ్ బ్రాకెట్ మధ్య బిందువును ప్రపంచ మూలం మీద పెట్టండి. `Measure` టూల్‌తో చక్రం వ్యాసం చూడండి. అది 1.79 మీటర్లు వచ్చిందనుకుందాం. కావలసింది 0.678, భాగిస్తే 0.3788. పివట్‌ను `3D Cursor` గా, కర్సర్‌ను మూలంలో పెట్టి ఇలా టైప్ చేస్తే సరి:

```
S 0.3788 Enter
```

ఆ తర్వాత 0.339 వ్యాసార్ధంతో రెండు వృత్తాలు పెట్టి చక్రాల మీద సరిపోయాయో లేదో చూడండి. రెండు కేంద్రాలూ ఒకే ఎత్తులో లేకపోతే ఫోటో వాలింది, తిప్పి సరిచేయవచ్చు. చక్రం అడ్డంగా నొక్కినట్టు కోలగా ఉంటే మాత్రం కెమెరా సైకిల్‌కు ఎదురుగా లేదని అర్థం. 10 డిగ్రీలు పక్కకు నిలబడి తీస్తేనే 678 మి.మీ. చక్రం అడ్డంగా 10 మి.మీ. తగ్గుతుంది. ఆ ఫోటోను సాగదీసి వాడొద్దు. కెమెరాకు దగ్గరైన చక్రం పెద్దది కూడా అవుతుంది కాబట్టి సాగదీసినా సరిపోదు. మళ్లీ తీయడమే దారి.

ఫోటో గుణాల్లో `Depth` ను `Back` గా, `Opacity` ని సగానికి పెట్టండి. `Perspective` టిక్ తీసేస్తే మామూలు వ్యూలో తిరిగేటప్పుడు అడ్డురాదు. దగ్గరికి జూమ్ చేస్తే గొట్టాలు కోసినట్టు మాయమవుతుంటే `N` ప్యానెల్‌లో `View > Clip Start` ను 0.001 మీ.కు తగ్గించండి.

## కర్వ్‌తో గీయడం

నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను. బెజియర్ కర్వ్ ఒకటి వేసి, రెండే బిందువులు ఉంచి, `V` నొక్కి `Vector` ఎంచుకుంటే తిన్నని గీత వస్తుంది. `Geometry > Bevel > Depth` లో వ్యాసార్ధం ఇస్తే అదే గొట్టం. 28.6 వ్యాసానికి 0.0143. ఇక్కడ వ్యాసం మొత్తం ఇచ్చేసి గొట్టం రెట్టింపు లావైందని కంగారుపడటం మామూలే, గుర్తుంచుకోండి. `Depth` ఆబ్జెక్టు మొత్తానికి ఒకటే కాబట్టి వేర్వేరు వ్యాసాల గొట్టాలను వేర్వేరు ఆబ్జెక్టులుగా ఉంచాలి.

బిందువులు ఫోటో చూసి పెట్టినా లెక్కతో సరిచూడండి. మూలం బాటమ్ బ్రాకెట్ దగ్గర ఉంది కాబట్టి మన ఫ్రేమ్‌లో ఇవి రావాలి (మి.మీ.లో):

```
వెనక ఇరుసు         X = -409   Z = 70
సీట్ లగ్           X = -164   Z = 536
టాప్ ట్యూబ్ ముందు   X =  396   Z = 536
```

వెనక ఇరుసు X ఎలా వచ్చిందంటే, 415 వర్గం నుంచి 70 వర్గం తీసి వర్గమూలం చూస్తే 409. సీట్ లగ్‌కు 560ని 73 డిగ్రీల కొసైన్‌తో, సైన్‌తో గుణించాలి. టాప్ ట్యూబ్ నేలకు సమాంతరం అనుకుని దానికి 560 కలిపాను.

ఇప్పుడు కర్వ్ వల్ల వచ్చే పెద్ద లాభం చెబుతాను. వ్యాసం సరైనది ఇచ్చాక ఫోటో మీద గొట్టం రెండు అంచులూ చూడండి. ఒక అంచు బయటికి వచ్చి, రెండోది లోపలికి పోతే గీత మధ్యలో లేదు, జరపాలి. రెండు అంచులూ సమానంగా బయటికి వస్తే గీత సరిగానే ఉంది, స్కేలో వ్యాసమో తప్పు. మూడు గొట్టాలూ అలాగే వస్తే స్కేలే తప్పు. గొట్టం రెండు చివరలా సరిపోయి నడుమ ఫోటో విల్లులా పక్కకు పోతుంటే అది లెన్స్ వంకర, వైడ్ లెన్స్‌తో తీసిన ఫోటో అది.

స్టేల దగ్గర కర్వ్ నిజంగా ఉపయోగపడుతుంది. చైన్ స్టేను ముందు పక్క వ్యూలోనే గీయండి. తర్వాత `Numpad 7` తో పై వ్యూకు వెళ్లి బిందువులను Y దిశలో మాత్రమే, అంటే `G Y` తో, జరపండి. ఆర్థోగ్రాఫిక్‌లో Y కదలిక పక్క వ్యూలో అసలు కనిపించదు, కాబట్టి అప్పటిదాకా గీసినది చెడదు. బాటమ్ బ్రాకెట్ షెల్ వెడల్పు 68, కాబట్టి స్టే మొదలు సుమారు 23 దగ్గర. వెనక హబ్ వెడల్పు 130 అయితే ఇరుసు కూర్చునే డ్రాపౌట్ దగ్గర సుమారు 68. `Depth` 0.0111 ఇస్తే మొదట్లో 22.2 వ్యాసం వస్తుంది. చివరి బిందువు `Radius` ను 0.56 చేస్తే అక్కడికి 12.4 మి.మీ.కు సన్నబడుతుంది. Y అక్షం మీద మిర్రర్ మాడిఫయర్ పెడితే రెండో వైపు దానంతట అదే వస్తుంది.

వెడల్పు సరిగా వచ్చిందో లేదో టైరుతో తెలుస్తుంది. టైరు ముందంచు బాటమ్ బ్రాకెట్‌కు వెనక సుమారు 70 మి.మీ. దగ్గర ఉంటుంది. అక్కడ స్టే మధ్య రేఖ 31 దగ్గర, లోపలి అంచు 20 దగ్గర ఉంటాయి. టైరులో సగం 14. అంటే ఒక్కో వైపు సుమారు 6 మి.మీ. ఖాళీ. మీ మోడల్‌లో టైరు స్టేలోకి దూరిపోతుంటే Y విలువలో తప్పుంది, లేదా అసలు సైకిల్‌లో స్టే అక్కడ నొక్కి ఉంది. వెర్నియర్ పట్టి చూస్తే తేలిపోతుంది.

కర్వ్‌కు హద్దులూ ఉన్నాయి. గుండ్రటి బెవెల్ ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది. చైన్ స్టే మొదట కోలగా ఉండి చివర గుండ్రంగా మారితే ఒక్క కర్వ్‌తో కుదరదు. మెష్‌గా మార్చి అక్కడి వలయాలను Y లో నొక్కాలి. అతుకుల దగ్గర గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరతాయే కానీ కలవవు. లగ్ ఫ్రేమ్‌లో ఇది సమస్య కాదు. అదే కర్వ్‌కు నకలు తీసి, 40 మి.మీ. పొడవుకు కుదించి, `Depth` ను 1 మి.మీ.పైన పెంచితే లగ్ తొడుగు సిద్ధం. దూరిన చోటు దాని కింద దాగిపోతుంది.

## స్కిన్ మాడిఫయర్

బిందువులు, వాటి మధ్య గీతలు మాత్రమే గీస్తే స్కిన్ వాటి చుట్టూ పొర కడుతుంది, దాని మీద సబ్‌డివిజన్ పెడితే నున్నబడుతుంది. ఫ్రేమ్ రూపం తెర మీదకు రావడానికి ఇంతకంటే వేగమైన దారి లేదు. `Ctrl+A` తో ఒక్కో బిందువు దగ్గర లావు మార్చవచ్చు.

కొలత అడిగితే మాత్రం చేతులెత్తేస్తుంది. మొదట వచ్చేది చతురస్రపు గొట్టం, సబ్‌డివిజన్ దాన్ని గుండ్రం చేస్తూ కుదిస్తుంది. మీరిచ్చిన వ్యాసార్ధం, వచ్చిన వ్యాసార్ధం ఒకటి కావు. ఫోటో అంచులతో సరిచూసే పైన చెప్పిన పరీక్ష ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే తప్పు స్కేలుదా స్కిన్‌దా తెలియదు. నాలుగు గొట్టాలు కలిసే బాటమ్ బ్రాకెట్ దగ్గర పొర మెలికలు పడుతుంది. గొట్టాలు ఒకదానిలోకి ఒకటి కరిగినట్టు ఉండే కార్బన్ ఫ్రేమ్‌కు తొలి రూపం చూడాలంటే మాత్రం ఇదే తగినది. స్టీల్ ఫ్రేమ్‌కు నేను వాడను.

## సిలిండర్లు

వృత్తం వేసి, కోణం తిప్పి, లాగి గొట్టం చేయడం. వ్యాసం కచ్చితం, ఎన్ని పలకలు ఉండాలో మీ ఇష్టం, అతుకుల దగ్గర శీర్షాలను చేత్తో కలపవచ్చు. గేమ్ మోడల్‌కు ఈ అదుపు అవసరం. 8 పలకల గొట్టం దూరం నుంచి చూస్తే చాలు.

ఖరీదు ఎక్కడంటే మార్పుల్లో. సీట్ కోణం 73 కాదు 72 అని తేలితే కర్వ్‌లో ఒక బిందువు జరిపితే అయిపోయేది, ఇక్కడ గొట్టాన్ని తిప్పి, చివరలను మళ్లీ సరిచేయాలి. వంగిన ఫోర్క్ కాలు చేయాలంటే వలయం తర్వాత వలయం తిప్పుకుంటూ పోవాలి. అందుకే గేమ్ కోసం చేసేవాళ్లు కూడా మొదట కర్వ్‌తో గీసి, బెవెల్ `Resolution` తగ్గించి, చివర్లో `Convert > Mesh` చేసి అతుకులు కలపడం మంచిది. కర్వ్ నకలు ఒకటి దాచి ఉంచండి, మెష్ నుంచి వెనక్కి దారి లేదు.

## ఫ్రీక్యాడ్ దారి

కొలతలే ముఖ్యమైతే ఇది. 0.21 వెర్షన్ నుంచి ఫ్రీక్యాడ్‌లో ఫోటో దిగుమతి చేసి రెండు బిందువులు క్లిక్ చేసి వాటి మధ్య దూరం చెబితే స్కేలు అదే సర్దుకుంటుంది. ఆ రెండు బిందువులు టైరు అంచువే కావాలి, ఇరుసులవి కావు. మధ్య రేఖలను స్కెచ్‌లో గీసి, పొడవులు, కోణాలు షరతులుగా ఇవ్వాలి. గొట్టానికి `Additive Pipe`, సన్నబడే స్టేకు `Additive Loft`. ఒక గొట్టం మరో గొట్టానికి ఆనే చోట కోత ఆకారం కచ్చితంగా వస్తుంది. అది ఫ్రేమ్ కట్టేవాళ్లకు బంగారం.

కానీ ఇక్కడ ఫోటో పాత్ర తగ్గిపోతుంది. షరతులన్నీ ఇచ్చాక గీతను ఫోటో మీదకు కొంచెం జరపాలన్నా షరతు మార్చాలి. కంటికి నచ్చేదాకా సర్దడం అలవాటైన వాళ్లకు చిరాకు. కొలతల పట్టిక చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఫోటో కేవలం సరిచూసుకోవడానికే.

| | కర్వ్ | స్కిన్ | సిలిండర్ | ఫ్రీక్యాడ్ |
|---|---|---|---|---|
| వ్యాసం మార్చడం | ఒక సంఖ్య | అంచనాగా | మళ్లీ పని | ఒక సంఖ్య |
| స్టేల వంపు, సన్నదనం | సులువు | సులువే, కొలత లేదు | కష్టం | లాఫ్ట్‌తో, నిదానంగా |
| అతుకులు | లగ్ కింద దాచాలి | మెలికలు | చేత్తో, చక్కగా | కచ్చితమైన కోత |
| ఫోటో మీద సర్దడం | చాలా సులువు | సులువు | మధ్యస్థం | తక్కువ |

## ఎవరికి ఏది

రెండరింగ్ కోసం పాత స్టీల్ సైకిల్ చేస్తుంటే కర్వ్ తప్ప మరొకటి ఆలోచించనక్కర్లేదు. వెల్డ్ కనిపించే అల్యూమినియం ఫ్రేమ్ అయితే కర్వ్‌తోనే మొదలుపెట్టి, మెష్‌గా మార్చి, బూలియన్‌తో కలిపి, అతుకు అంచున వెల్డ్ గట్టు చేయాలి. ఆ చివరి పనికి గొట్టాలు గీసినంత సమయమూ పడుతుంది, ముందే లెక్క వేసుకోండి. గేమ్‌కైతే కర్వ్ నుంచి మెష్. ప్రింట్ తీయాలన్నా, గొట్టాలు కోయించాలన్నా ఫ్రీక్యాడ్.

మన ఊళ్లలో కనిపించే రాడ్ బ్రేకుల పెద్ద సైకిల్‌ను మోడల్ చేసేవాళ్లకూ కర్వే సరైనది. కొన్ని విషయాలు మాత్రం మారతాయి. టైరు పక్కన 28×1½ తో పాటు 40-635 అని ఉంటుంది, అంటే రిమ్ మీద 622 కాదు, 635. స్కేలు వృత్తం దానికి తగ్గట్టు మార్చాలి. హెడ్ కోణం బాగా వాలి ఉంటుంది, 73 అని ఊహించకుండా ఫోటో నుంచే తీయండి. గొట్టాల వ్యాసాలూ రంగు మీదుగా వెర్నియర్ పెట్టి కొలవాల్సిందే. కుడి వైపు చైన్ కవర్ చైన్ స్టేను కప్పేస్తే ఎడమ వైపు నుంచి ఫోటో తీసి, బ్లెండర్‌లో `S X -1` తో తిప్పుకోండి. హ్యాండిల్ నేరుగా ఉండేలా కట్టి పెట్టి తీయాలి. ఫోర్క్ కొంచెం పక్కకు తిరిగి ఉన్నా దాని వంపు ఫోటోలో తక్కువగా కనిపిస్తుంది, ముందు చక్రం కోలగా మారుతుంది. 0.339కు బదులు మీ టైరు కొలత వేసిన వృత్తం వెనక చక్రానికి సరిపోయి ముందు చక్రానికి సరిపోకపోతే, ముందుగా అనుమానించాల్సింది హ్యాండిల్‌నే.